అత్తయ్య మందుల సంచిలో 11 పాయింట్లు: మతిని మసకబార్చే మాత్రల లెక్క తీసి, వరసగా తగ్గించుకోవడం ఎలా

పోయిన వేసవిలో తెనాలి నుంచి మా బావ ఫోన్ చేశాడు. "అమ్మకి మతిమరుపు బాగా ముదిరిపోయింది. ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది. మధ్యాహ్నం నిద్ర లేచి పొద్దున్నయిందనుకుని కాఫీ పెట్టమంటోంది. ఇది అల్జీమర్సేనా?" అన్నాడు. అత్తయ్యకి 73 ఏళ్లు. అంతకు ఏడాది ముందు మా ఇంట్లో పెళ్లికి వచ్చినప్పుడు బంధువులందరి పేర్లూ, వాళ్ల పిల్లల పేర్లూ గడగడా చెప్పిన మనిషి.

నేను ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక పని చెయ్యమన్నాను. "ఇంట్లో ఆమె మందులన్నీ మంచం మీద పోసి ఫొటో తీసి పంపు. డాక్టర్ రాసినవే కాదు, అన్నీ."

ఆ ఫొటోతో మొదలై ఎనిమిది నెలలు సాగిన పని ఇది. మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చేసుకోగలిగేలా వరసగా రాస్తున్నాను. లెక్క తీసేదాకా ఇంట్లోవాళ్లు చెయ్యొచ్చు. మందు ఆపడం, తగ్గించడం మాత్రం రాసిన డాక్టర్‌తో మాట్లాడాకే. ఎందుకలాగో మధ్యలో మీకే తెలుస్తుంది.

ముందు అసలు సంగతి

మెదడులో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఉంటుంది. ఇప్పుడే విన్న మాటని గుర్తుపెట్టుకోవడానికి, ధ్యాసని ఒకచోట నిలపడానికి అది కావాలి. అదే రసాయనం మెదడు బయట కూడా పని చేస్తుంది. నోట్లో లాలాజలం ఊరడం, పేగు కదలడం, మూత్రాశయం ముడుచుకోవడం, చెమట పట్టడం అన్నీ దాని చలవే. ఈ రసాయనం పనిని అడ్డుకునే మందుల్ని యాంటీకోలినర్జిక్ మందులంటారు. కొన్నిట్లో ఆ అడ్డుకోవడమే మనకి కావాల్సిన పని. మాటిమాటికీ వచ్చే మూత్రాన్ని ఆపే మాత్ర అలాంటిది. చాలావాటిలో మాత్రం అది అడక్కుండా వచ్చిపడే పని. దురద మాత్ర, జలుబు మాత్ర, తిమ్మిర్ల మాత్ర ఈ రకం.

వయసు మీద పడేకొద్దీ మెదడులో ఈ రసాయనం నిల్వ తగ్గుతుంది, కిడ్నీ, లివర్ మందుని బయటికి పంపే వేగమూ తగ్గుతుంది. 30 ఏళ్ల మనిషి రాత్రి వేసుకుని పొద్దున మర్చిపోయే మాత్ర 73 ఏళ్ల మనిషిలో మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఒక్క మాత్రతో పెద్దగా ఏమీ కాకపోవచ్చు. నలుగురు డాక్టర్లు తలా ఒకటి రాస్తే అన్నీ కలిసి ఒకే రసాయనం మీద కూర్చుంటాయి. ఆ మొత్తం బరువునే యాంటీకోలినర్జిక్ భారం అంటారు.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడతారు. మత్తు వేరు, ఈ భారం వేరు. ఆల్ప్రజోలమ్ గాఢంగా నిద్రపుచ్చుతుంది గానీ అసిటైల్‌కోలిన్ జోలికి పెద్దగా పోదు. సోలిఫెనసిన్ మత్తుగా అనిపించదు, కానీ భారం ఎక్కువే. హైడ్రాక్సిజిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటివి రెండు పనులూ చేస్తాయి. అందుకే "ఏది వేసుకుంటే నిద్ర వస్తోంది?" అని అడిగి ఊరుకుంటే సగమే దొరుకుతుంది.

1. సంచి బోర్లించండి

వారం రోజుల్లో ఒక్కసారైనా నోట్లో వేసుకున్నది ఏదైనా సరే, మంచం మీదకి రావాలి. తలగడ కింది షీటు, పూజగది అలమరలో దాచినది, పక్కింటావిడ "నాకు బాగా పని చేసింది" అని ఇచ్చినది, ఆర్‌ఎంపీ గారు కాగితంలో చుట్టి ఇచ్చిన విడి మాత్రలు, దగ్గు సీసా, ప్రయాణానికి వేసుకునే వాంతుల మాత్ర. మా బావ మొదట పంపిన ఫొటోలో నాలుగు షీట్లే ఉన్నాయి. "దురదకి ఏం వాడుతోంది?" అని అడిగితే మళ్లీ వెతికి, స్నానాల గదిలో సబ్బుపెట్టె పక్కన ఐదోది పట్టుకొచ్చాడు. నిద్ర మాత్ర సంగతి అత్తయ్యే చెప్పింది. "అది మందెందుకవుతుంది అమ్మాయ్, నిద్ర కోసం వేసుకునేదేగా" అంది. ఆ నిద్రకి వేసుకునేది నాలుగేళ్లుగా నడుస్తోంది.

విడి మాత్రలకి పేరు ఉండదు. ఇచ్చినవాళ్లని అడిగి రాయించుకోండి. చెప్పకపోతే ఆ మాత్రని పక్కన పెట్టి, డాక్టర్‌కి చూపించడానికి తీసుకెళ్లండి.

2. పెద్దక్షరాల పేరు వదిలేసి, చిన్నక్షరాలు చదవండి

షీటు ముందు పెద్దగా ఉండేది కంపెనీ పెట్టిన పేరు. మనకి కావాల్సింది దాని కిందో వెనకో చిన్నగా రాసే మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చదవడం తేలిక.

మన దగ్గర రెండు మూడు మందులు కలిపిన మాత్రలు చాలా ఎక్కువ, అసలు భారం దాక్కునేది అక్కడే. అత్తయ్య కాళ్ల మంటలకి వాడేదాన్ని ఇంట్లో అందరూ "నరాల మాత్ర" అంటారు. దాని వెనక చూస్తే ప్రీగాబలిన్ 75, నార్‌ట్రిప్టిలిన్ 10. రెండో పేరు పాతకాలపు డిప్రెషన్ మందు. నరాల మంటకి కూడా పని చేస్తుంది కాబట్టి కలిపారు. డాక్టర్ నరాల మాత్రే రాశాడు, మనమూ నరాల మాత్రే వాడాం, మధ్యలో ఇది నడిచి వచ్చింది. అలాగే టెన్షన్‌కి ఇచ్చే మాత్రలో క్లోర్‌డయజెపాక్సైడ్‌తో ఎమిట్రిప్టిలిన్, కడుపునొప్పి మాత్రలో మెఫెనమిక్ యాసిడ్‌తో డైసైక్లోమిన్, జలుబు మాత్రలో పారాసెటమాల్‌తో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటాయి.

3. పాయింట్లు వేయండి

దీనికి చాలా స్కేళ్లున్నాయి. ఎక్కువ వాడుకలో ఉన్నది ఏసీబీ, అంటే యాంటీకోలినర్జిక్ కాగ్నిటివ్ బర్డెన్ స్కేలు. అమెరికాలోని ఇండియానాలో 2008లో తయారుచేసి, 2012లో సవరించారు. మందుకి 1, 2, 3లలో ఒక పాయింటు. కాస్త అనుమానం ఉన్నవాటికి 1, మెదడు మీద ప్రభావం తేలినవాటికి 2 లేదా 3. మొత్తం 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చిందంటే డాక్టర్ ఒకసారి మళ్లీ చూడాలని గుర్తు. లెక్క తేలిక కావాలంటే acbcalc.com లో మందు పేరు కొడితే పాయింట్లు వస్తాయి. అందులో కొన్ని మందులకి పాయింట్లు ఏసీబీ జాబితాకి కాస్త తేడాగా ఉండొచ్చు. ఏదో ఒకదాన్నే మొదటినుంచీ చివరిదాకా వాడండి.

మన ఇళ్లలో కనబడే 3 పాయింట్ల మందులు ఇవి. జలుబు, దురదలకి: క్లోర్‌ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్, ప్రోమెథజిన్, దగ్గు సీసాల్లో డైఫెన్‌హైడ్రమిన్. మూత్రానికి: సోలిఫెనసిన్, టోల్టెరోడిన్, ఆక్సిబ్యుటినిన్. నరాలకి, దిగులుకి: ఎమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్, పరాక్సిటిన్. కడుపు పట్టేస్తే ఇచ్చే డైసైక్లోమిన్. తల తిరుగుడుకి మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్. మానసిక చికిత్సలో క్వెటయాపిన్, ఒలాంజపిన్, వాటితో కాళ్లుచేతులు బిగుసుకోకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్. సెటిరిజిన్, లోరాటడిన్ లాంటి కొత్తతరం అలర్జీ మందులకి 1 పాయింటే.

జాబితా అమెరికాలో పుట్టింది కాబట్టి మన మందులన్నీ అందులో ఉంటాయని అనుకోకండి. జాబితాలో కనబడని మందుని సున్నా అనుకోకుండా, అది ఏ కుటుంబానిదో ఫార్మసిస్టుని అడగండి. మన ఊళ్లలో దురదొస్తే మొదట గుర్తొచ్చే ఫెనిరమిన్ ఉంది చూశారూ, అది క్లోర్‌ఫెనిరమిన్‌కి సొంత చెల్లెలు. నేనైతే దానికీ 3 వేస్తాను.

అత్తయ్య లెక్క ఇలా తేలింది. బీపీకి మెటోప్రోలాల్ 1. నరాల మాత్రలోని నార్‌ట్రిప్టిలిన్ 3. మాటిమాటికీ మూత్రం వస్తోందని సోలిఫెనసిన్ 5 మిల్లీగ్రాములు, దానికి 3. రాత్రి దురదకి హైడ్రాక్సిజిన్ 25 మిల్లీగ్రాములు, 3. నిద్రకి ఆల్ప్రజోలమ్ 0.25, దానికి 1. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 2012 జాబితాలో లేదు. మొత్తం 11.

ఈ లెక్కకి ఒక పెద్ద లోపం ఉంది. ఇది మోతాదుని చూడదు. నార్‌ట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములైనా 75 అయినా 3 పాయింట్లే. ప్రీగాబలిన్‌కి ఏ పాయింటూ లేదు, కానీ తూలి పడిపోయేంత మత్తు దానివల్ల కూడా వస్తుంది. కాబట్టి 11 అన్నది జ్వరం కొలిచినట్టు కొలిచిన అంకె కాదు. ఎక్కడ చూడాలో చూపించే వేలు మాత్రమే.

4. ఈ పాయింట్లకీ డిమెన్షియాకీ ఎంత సంబంధం?

డిమెన్షియా అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు. లెక్క చూశాక బావ మొదట అడిగింది వీటి గురించే. "ఇన్నేళ్లు వాడేసింది కదా, ఇక వచ్చేసినట్టేనా?"

అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో 65 దాటినవాళ్లు 3,434 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో ఎవరికీ డిమెన్షియా లేదు. చివరికి 797 మందికి వచ్చింది. బలమైన యాంటీకోలినర్జిక్ మందుల్ని రోజూ మూడేళ్లకు పైగా వాడినంత మోతాదు ఒంట్లోకి వెళ్లినవాళ్లకి, అసలు వాడనివాళ్లకంటే ముప్పు 54 శాతం ఎక్కువగా కనబడింది. ఉజ్జాయింపుగా చెప్పాలంటే, 100 మందిలో 20 మందికి వచ్చేచోట 30కి కాస్త తక్కువగా వచ్చినట్టు. వాడినవాళ్లలో కూడా ఎక్కువమందికి రాలేదు.

2018లో బ్రిటన్‌లో డిమెన్షియా వచ్చిన 40,770 మంది పాత మందుల చీటీలు తవ్వి, రానివాళ్ల చీటీలతో పోల్చారు. జబ్బు బయటపడడానికి 4 నుంచి 20 ఏళ్ల ముందు వాడినవే లెక్కలోకి తీసుకున్నారు. డిప్రెషన్‌కి, మూత్రాశయానికి, పార్కిన్సన్స్‌కి వాడే 3 పాయింట్ల మందులకీ డిమెన్షియాకీ సంబంధం కనబడింది. అలర్జీ, కడుపు మందులకి కనబడలేదు. మరుసటి ఏడు బ్రిటన్‌లోనే చేసిన ఇంకో పెద్ద పరిశీలన కూడా దాదాపు ఇదే మాట చెప్పింది.

అలర్జీ మందులకి క్లీన్ చిట్ దొరికిందని సంబరపడే ముందు ఒక విషయం. ఆ పరిశీలనలు డాక్టర్ చీటీల మీద ఆధారపడ్డవి. షాపులో చేతికి కొనుక్కున్న జలుబు మాత్ర ఆ లెక్కల్లోకి రాదు.

ఇంకోవైపు అనుమానం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. డిమెన్షియా బయటపడడానికి కొన్నేళ్ల ముందే నిద్ర చెడుతుంది, దిగులు వస్తుంది, మూత్రం ఆపుకోలేకపోతారు. వాటికే ఈ మందులు రాస్తారు. అప్పుడు మందు వల్ల జబ్బు వచ్చిందా, రాబోయే జబ్బు వల్ల మందు రాయాల్సి వచ్చిందా? అందుకే బ్రిటన్‌వాళ్లు నాలుగేళ్ల ఎడం పెట్టారు. అయినా ఆ అనుమానం పూర్తిగా పోదు. ఇవన్నీ గమనించి రాసినవే. కొందరికి మందు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పదేళ్లు చూసిన పరీక్షలు కావు. ఇప్పుడు ఆపేస్తే రేపు డిమెన్షియా రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నేను బావకి చెప్పిందిదే: "పదేళ్ల తర్వాతి సంగతి మీద వాదించుకోవద్దు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి కాఫీ అడుగుతోంది చూడు, ఆ మసక ఈ మందుల పని అయ్యే అవకాశం గట్టిగా ఉంది. అది తగ్గుతుందా లేదా అన్నది రెండు నెలల్లో మన కళ్లముందే తేలుతుంది." అమెరికాలో వృద్ధుల వైద్యుల సంఘం 2023లో సవరించిన బీర్స్ జాబితా కూడా పాతతరం అలర్జీ మందులు పెద్దవాళ్లకి వద్దంటుంది. కారణం ఈ అయోమయం, మలబద్ధకం, నోరు ఎండిపోవడం. (బీర్స్ అంటే ఆ జాబితాకి ఆద్యుడైన డాక్టర్ పేరు, వేరే అర్థం తీసుకోకండి.)

5. ఒంటి మీద గుర్తులు చూడండి

పాయింట్లు కాగితం మీదివి. అవి మనిషిలో పని చేస్తున్నాయా లేదా అన్నది భోజనం దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. నేను తెనాలి వెళ్లిన రోజు అత్తయ్య ప్రతి ముద్దకీ ఒక గుక్క నీళ్లు తాగింది. చారన్నానికి కూడా. నాలుక చూపించమంటే ఎండిన తమలపాకులా ఉంది. పళ్లసెట్టు జారిపోతోందని తీసి డబ్బాలో పెట్టింది. నాలుగు రోజులకోసారి విరేచనం, దానికి ఇసబ్‌గోల్. పేపర్ చదవడం మానేసింది, "అక్షరాలు అలుక్కుపోతున్నాయి" అంది. మే నెల ఎండలో ఒళ్లు వేడిగా ఉంది గానీ చెమట లేదు.

ఈ గుర్తులన్నీ కలిసి ఉంటే, మతిమరుపు కూడా అదే తాడులో ముడి అయ్యే అవకాశం ఎక్కువ. మసకకి ఇంకో లక్షణం ఉంది. అది రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున పదింటిదాకా, మళ్లీ మధ్యాహ్నం నిద్ర తర్వాత ఎక్కువ. సాయంత్రం ఆరింటికి అత్తయ్య మునుపటి మనిషే. ఎప్పుడు తేటగా ఉన్నారో, ఎప్పుడు లేరో వారం పాటు క్యాలెండర్ మీద గీతలు పెట్టండి. డాక్టర్‌కి ఇంతకంటే పనికొచ్చే కాగితం మీరు ఇవ్వలేరు.

కొన్ని గుర్తులకి మాత్రం వారం ఆగకూడదు. మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బినా, కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి వచ్చినా, ఒక్క రోజులో మనిషి గుర్తుపట్టలేనంత అయోమయంలోకి వెళ్లినా, చెమట లేకుండా ఒళ్లు కాలిపోతున్నా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రోస్టేట్ వాపు ఉన్న మగవాళ్లు రెండు జలుబు మాత్రలు వేసుకుని, రాత్రికి మూత్రం ఆగిపోయి ట్యూబు వేయించుకున్న సందర్భాలు మా ఎమర్జెన్సీలో కొత్తేమీ కాదు.

6. ఒక కాగితం, ఒక డాక్టర్, ఒకసారికి ఒక మందు

అత్తయ్య మందులు రాసింది ముగ్గురు. దురద మాత్ర ఎవరూ రాయలేదు, ఎప్పుడో చర్మం డాక్టర్ పది రోజులకి రాస్తే ఆ ఖాళీ షీటు చూపించి షాపులో ఎనిమిది నెలలుగా కొంటున్నారు. ముగ్గురి చుట్టూ తిరిగితే ఒకరు ఇంకొకరి మందు ముట్టుకోరు. అందుకే షుగర్ చూసే ఫిజీషియన్‌నే పెద్దదిక్కుగా పెట్టుకున్నాం. ఒకే కాగితం మీద మందు పేరు, మోతాదు, ఎందుకు మొదలైంది, ఎప్పట్నుంచి, పాయింట్లు రాసి ఇచ్చాం. "ఇవి ఆపేయమంటారా?" అని అడగలేదు. "వీటిలో ఇప్పటికీ అవసరమైనవి ఏవి సార్?" అని అడిగాం. ఆ తేడాతో గదిలో గాలే మారిపోతుంది.

ఆయన ముందు రక్తపరీక్షలు రాశారు. బి12 బాగా తక్కువగా వచ్చింది, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఇది మామూలే. థైరాయిడ్ బాగుంది. పరగడుపు షుగర్ 212. మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్ చేయించారు. ఇది ముఖ్యం. మూత్రాశయం ఖాళీ కాక పొంగి పొర్లుతుంటే కూడా మాటిమాటికీ వస్తున్నట్టే ఉంటుంది. అలాంటివాళ్లకి సోలిఫెనసిన్ ఇస్తే పరిస్థితి ఇంకా బిగుస్తుంది. అత్తయ్యకి ఆ ఇబ్బంది లేదు.

ఒకసారికి ఒక్క మందే తగ్గించాలి. రెండు కలిపి తగ్గిస్తే, తేడా వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు. ఏది ముందు? అవసరం తక్కువగా ఉండి, పాయింట్లు ఎక్కువగా ఉండి, ఆపడం తేలికైనది. ఆ లెక్కన హైడ్రాక్సిజిన్, తర్వాత సోలిఫెనసిన్, ఆ తర్వాత నార్‌ట్రిప్టిలిన్, అన్నిటికంటే ఆఖర్న ఆల్ప్రజోలమ్. మెటోప్రోలాల్‌ని ముట్టుకోలేదు. 1 పాయింటు కోసం గుండె మందుతో ఆటలాడరు.

7. తగ్గించిన తీరు, దారిలో తగిలినవి

హైడ్రాక్సిజిన్: 25 నుంచి 10కి దించి రెండు వారాలు, తర్వాత ఆపు. అసలు దురదకి కారణం పొడిబారిన చర్మం. సలసలా కాగే నీళ్లు, ఒళ్లంతా సబ్బు. నీళ్లు గోరువెచ్చగా చేసి, సబ్బు చంకలకీ కాళ్లకీ పరిమితం చేసి, తుడుచుకున్న వెంటనే ఒంటి తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయించాం. పది రోజులు విసుక్కుంది, తర్వాత మర్చిపోయింది. దురద అన్నిసార్లూ పొడి చర్మమే కాదు. కిడ్నీ, లివర్, గజ్జి ఉన్నాయేమో డాక్టర్ చూశాకే ఈ పని.

సోలిఫెనసిన్: దీన్ని మెల్లగా దించాల్సిన అవసరం లేదు, ఆపేస్తే సరిపోతుంది. ఆపితే మూత్రం పోరు మళ్లీ వస్తుంది కాబట్టి ముందే కారణాలు సర్దాలి. షుగర్ 212 ఉంటే మూత్రం ఎక్కువ రాక ఏమవుతుంది? షుగర్ మందు సరిచేశారు. సాయంత్రం ఆరు తర్వాత టీ ఆపించాం. మలబద్ధకం కూడా మూత్రాశయాన్ని నొక్కుతుంది. మందు తగ్గేకొద్దీ అదీ సర్దుకుంది. పగలు గంటన్నరకోసారి గడియారం చూసి వెళ్లడం, వారం వారం పదిహేను నిమిషాలు పెంచడం అలవాటు చేశాం. రాత్రి రెండుసార్లు లేవడం మిగిలింది, అది చాలంది. అది చాలనివాళ్లకి యాంటీకోలినర్జిక్ కాని మిరాబెగ్రాన్ ఉంది, బీపీ చూసుకుంటూ వాడాలి.

నార్‌ట్రిప్టిలిన్ దగ్గర దెబ్బ తిన్నాం. కలిపిన మాత్ర మార్చి ఒట్టి ప్రీగాబలిన్ ఇస్తే, పదో రోజుకి కాళ్ల మంటలు మళ్లీ మొదలయ్యాయి. "తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటున్నానమ్మా" అని ఫోన్. పెద్ద మోతాదులో ఈ కుటుంబం మందుల్ని హఠాత్తుగా ఆపితే వికారం, చెమటలు, నిద్ర పట్టకపోవడం వస్తాయి, అవి సాధారణంగా కొద్దిరోజుల్లో సర్దుకుంటాయి. ఈమెది అది కాదు, అసలు మంటే తిరిగొచ్చింది. డాక్టర్ డులాక్సిటిన్ 20 మొదలుపెట్టారు. మంటలు తగ్గాయి. కానీ మూడో వారంలో మనిషి నీరసపడింది, నాడి చూస్తే నిమిషానికి 52. డులాక్సిటిన్ లివర్‌లో మెటోప్రోలాల్ విరిగే దారిని అడ్డుకుంటుంది, రక్తంలో మెటోప్రోలాల్ పెరిగిపోతుంది. మిరాబెగ్రాన్‌కి కూడా ఇదే గుణం ఉంది. మెటోప్రోలాల్ సగం చేశాక నాడి 64కి వచ్చింది. డులాక్సిటిన్‌తో పెద్దవాళ్లలో సోడియం పడిపోవచ్చు, దానివల్ల మళ్లీ అయోమయమే. అది కూడా పరీక్ష చేయించి చూశారు, బాగుంది. పాయింట్లు తగ్గించడానికి వేసిన కొత్త మందు తన సొంత బరువు తెస్తుందని నాకు పుస్తకంలో తెలుసు. అత్తయ్య నాడి పట్టుకుని చూసినప్పుడు గట్టిగా తెలిసింది.

ఆల్ప్రజోలమ్: నాలుగేళ్లు రోజూ వాడినదాన్ని ఒక్క రాత్రిలో ఆపితే నిద్ర పోవడం అటుంచి, వణుకు, ఆందోళన, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. మాత్రలు కోసే కట్టర్ కొని 0.25 మాత్రని నాలుగు ముక్కలు చేసి, నెల రోజులు మూడు ముక్కలు, తర్వాత రెండు. అక్కడికొచ్చాక "ఇక నన్నొదిలెయ్యండి" అంది. వదిలేశాం. స్కేలు మీద అది ఇప్పటికీ 1 పాయింటే, సగం మోతాదైనా సరే.

11 కాస్తా 2 అయింది.

8. ఇంట్లో ముట్టుకోకూడనివి

మానసిక చికిత్సలో ఉన్నవాళ్ల ఒలాంజపిన్, క్వెటయాపిన్, వాటితో ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, మూర్ఛకి వాడే కార్బమజెపిన్ (2 పాయింట్లు), పార్కిన్సన్స్ మందులు. వీటి పాయింట్లు చూసి భయపడి ఆపేస్తే జరిగే నష్టం పాయింట్లకంటే పెద్దది. అయితే ట్రైహెక్సీఫెనిడిల్ గురించి సైకియాట్రిస్టుని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "ఇది ఇంకా కావాలా?" చాలామందికి మొదటి కొద్ది నెలలకే అవసరం ఉంటుంది. చీటీ మీద మాత్రం పదేళ్లు తిరిగి రాస్తూనే ఉంటారు.

డిమెన్షియాకి డొనెపెజిల్ వాడుతున్నవాళ్లుంటే ఇంకో సంగతి చూడండి. డొనెపెజిల్ పని అసిటైల్‌కోలిన్ పెంచడం. దానివల్ల మూత్రం తొందరపెట్టొచ్చు. దానికని సోలిఫెనసిన్ రాస్తే, రెండు మందులూ ఒకే తాడుని చెరోవైపు లాగుతుంటాయి, రెండింటికీ డబ్బులు మనమే కడుతుంటాం.

9. ఏం మారింది, ఏం మారలేదు

నోరు మొదటి నెలలోనే తడి అయింది, పళ్లసెట్టు డబ్బాలోంచి నోట్లోకి వచ్చింది. జులై చివరికి మధ్యాహ్నం కాఫీ గొడవ పోయింది. పేపర్ మళ్లీ మొదలుపెట్టింది. కానీ పేర్లు తిరిగి రాలేదు. మనవరాలి పెళ్లికొడుకు పేరు ఇప్పటికీ మూడుసార్లు అడుగుతుంది.

మత్తులో ఉన్నప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తే మందుకి పరీక్ష చేసినట్టవుతుంది. అందుకని అక్టోబర్ దాకా ఆగి న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. ఆడెన్‌బ్రూక్స్ పరీక్షకి తెలుగు రూపం ఉంది, తెలుగులోనే చేశారు. వయసుకి కాస్త తక్కువ, డిమెన్షియా అనడానికి లేదు, ఏడాది తర్వాత మళ్లీ చూద్దాం అన్నారు. ఈ మధ్యలోనే బి12 ఇంజెక్షన్లు కూడా పడ్డాయి, షుగర్ కూడా దిగింది. కాబట్టి తేరుకున్నదంతా మాత్రలు తగ్గించడం వల్లేనని నేను చెప్పను. నోరు, పేగు, చూపు మాత్రం వాటి చలవేనని నాకు అనుమానం లేదు.

డిసెంబర్‌లో జలుబు చేసింది. బావ ఊళ్లో లేడు, ఆర్‌ఎంపీ గారు వచ్చి మూడు రోజులకి జలుబు మాత్రలిచ్చారు, రోజుకి మూడు. రెండో రోజు సాయంత్రం అత్తయ్య నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, మళ్లీ ముద్దకో గుక్క పడుతోందే" అంది. షీటు వెనక చదివించాను. క్లోర్‌ఫెనిరమిన్. ఆపేసి ఆవిరి పట్టమన్నాను, ముక్కు మరీ బిగిస్తే ఉప్పునీటి చుక్కలు వేసుకోమన్నాను. బావ ఊరి నుంచి రాగానే అతనితో ఒక అట్టముక్క మీద "ఇవి ఇవ్వకండి" అని ఐదు పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించి, ఆమె కళ్లజోడు పెట్టెలో పెట్టించాను. బీపీ చూపించుకోవడానికి వెళ్లినా, పంటి నొప్పికి వెళ్లినా మొదట తీసేది కళ్లజోడే కదా.